వీఎఫ్‌డీ ఉన్నా ఏహెచ్‌యూ ఫ్యాన్ కరెంటు తగ్గట్లేదా? స్టాటిక్ ప్రెజర్ రీసెట్ పెట్టుకునే పద్ధతి

ఆఫీసు బిల్డింగుల ఫెసిలిటీ టీముల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "ఏహెచ్‌యూలకు వీఎఫ్‌డీలు ఉన్నాయి, ప్రతి వీఏవీ బాక్సుకూ కంట్రోలర్ ఉంది. అయినా ఫ్యాన్ కరెంటు మేం అనుకున్నంత తగ్గలేదు. ఎందుకు?" పది చోట్ల చూస్తే ఎనిమిది చోట్ల కారణం ఒకటే. డక్టులో స్టాటిక్ ప్రెజర్ సెట్‌పాయింట్‌ను కమిషనింగ్ రోజున ఏ అంకె దగ్గర పెట్టారో, ఇప్పటికీ అక్కడే ఉంది. వీఏవీ బాక్సులన్నీ సగం మూసుకుని ఉన్నా, ఆ ప్రెజర్ నిలబెట్టడానికి ఫ్యాన్ గట్టిగా తిరుగుతూనే ఉంటుంది.

అంకెల్లో చూస్తే వెంటనే అర్థమవుతుంది. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో మామూలుగా కనిపించే ఏహెచ్‌యూ ఒకటి తీసుకుందాం: 20,000 సీఎఫ్ఎం, 18.5 కిలోవాట్ల మోటార్, కింద 24 వీఏవీ బాక్సులు. పూర్తి గాలి పంపేటప్పుడు ఫ్యాన్ మీద మొత్తం ప్రెజర్ 1000 పాస్కల్. అందులో 375 పాస్కల్ డక్టు సెన్సర్ దగ్గర నిలబెట్టేది. మిగతా 625 ఫిల్టర్లు, కాయిల్, సెన్సర్ దాకా ఉన్న డక్టు తినేస్తాయి. ఫ్యాన్, బెల్టు, మోటార్, వీఎఫ్‌డీ అన్నీ కలిపి 55 శాతం సామర్థ్యం అనుకుంటే, పూర్తి గాలికి సుమారు 17.2 కిలోవాట్లు పడుతుంది.

ఇప్పుడు గాలి అవసరం 60 శాతానికి తగ్గిందనుకోండి. ఫిల్టర్లూ కాయిలూ తినే ప్రెజర్ గాలి వర్గంతో పాటు తగ్గి 225 పాస్కల్‌కు వస్తుంది. కానీ సెన్సర్ దగ్గరి 375 మాత్రం మనం కట్టేసిన అంకె, అది కదలదు. మొత్తం 600 పాస్కల్, కరెంటు సుమారు 6.2 కిలోవాట్లు. అదే సమయంలో సెన్సర్ దగ్గర 150 పాస్కల్ సరిపోతే మొత్తం 375 పాస్కల్‌కు, కరెంటు 3.9 కిలోవాట్లకు దిగుతుంది. వీఎఫ్‌డీ అమ్మేటప్పుడు చెప్పే "వేగం 60 శాతమైతే కరెంటు 22 శాతమే" అన్న లెక్క ఈ రెండో పరిస్థితిలోనే దాదాపు నిజమవుతుంది. సెట్‌పాయింట్ కట్టేసి ఉంటే ఆ లెక్క మీకు ఎప్పటికీ రాదు. (తక్కువ లోడ్‌లో సామర్థ్యం 55 శాతం కన్నా కొంత పడిపోతుంది. కాబట్టి ఈ అంకెలను పోలిక కోసమే చూడండి.)

తేడా 2.3 కిలోవాట్లు. ఏడాదికి 3,000 గంటలు ఇలాంటి లోడ్‌లో నడిస్తే 6,900 యూనిట్లు, అదీ ఒక్క ఏహెచ్‌యూకే. ఈ తేడాను రాబట్టేదే స్టాటిక్ ప్రెజర్ రీసెట్. ఏ బాక్సుకు గాలి అందడం లేదో చూసి, దాని అవసరం తీరేంత ప్రెజరే డక్టులో ఉంచడం దీని పని.

ముందుగా దగ్గర ఉంచుకోవాల్సినవి

- బీఎంఎస్‌లో ఏహెచ్‌యూ ప్రోగ్రామ్ మార్చే అనుమతి, లేదా ఆ అనుమతి ఉన్న మనిషి
- ప్రతి వీఏవీ బాక్సు నుంచి డ్యాంపర్ స్థానం, వస్తున్న గాలి, కావలసిన గాలి
- వీఎఫ్‌డీ నుంచి హెర్ట్జ్, కిలోవాట్ల రీడింగులు. కిలోవాట్లు బీఎంఎస్‌కు రాకపోతే ప్యానెల్‌లో ఒక ఎనర్జీ మీటర్
- డిజిటల్ మానోమీటర్, స్టాటిక్ ప్రోబ్
- నిచ్చెన, టార్చ్, స్పానర్లు. చాలామంది వీటిని తీసుకెళ్లరు, అసలు పనంతా సీలింగ్ పైనే ఉంటుంది.

1. ముందు ఒక వారం ఏమీ మార్చకండి

ప్రెజర్ సెట్‌పాయింట్, అసలు ప్రెజర్, ఫ్యాన్ హెర్ట్జ్, కిలోవాట్లు, బాక్సులన్నిటి గాలి మొత్తం, సప్లై గాలి ఉష్ణోగ్రత. ఈ ఆరింటినీ 5 నిమిషాలకొకసారి ట్రెండ్ లాగ్‌లో పెట్టండి. ఇది లేకుండా మొదలుపెడితే ఎంత తగ్గిందో తర్వాత ఎవరికీ చూపించలేరు.

హెర్ట్జ్ చూసి ఘనం కట్టి కిలోవాట్లు లెక్కేయకండి. ప్రెజర్ కట్టేసిన సిస్టంలో ఆ లెక్క తప్పని పైన చూశాం.

2. ప్రెజర్ సెన్సర్ నిజం చెబుతుందో లేదో చూడండి

ఏహెచ్‌యూ ఆపండి. సెన్సర్ సున్నా చూపించాలి. 20, 30 పాస్కల్ చూపిస్తుంటే జీరో సరిచేయండి. తర్వాత ఫ్యాన్ నడిపి, సెన్సర్ పక్కనే మానోమీటర్ పెట్టి రెండూ పోల్చండి. ట్యూబు మడత పడిందా, డక్టు దగ్గర ఊడిందా, లోపల నీరు చేరిందా చూడండి. సెన్సర్ రెండో ట్యూబు ఎక్కడ తెరుచుకుంది అన్నది కూడా ముఖ్యం. అది ఏహెచ్‌యూ గదిలో ఉంటే, ఆ గది రిటర్న్ గాలి లాగుతూ నెగెటివ్ ప్రెజర్‌లో ఉంటుంది కాబట్టి సెన్సర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. దాన్ని ఆఫీసు ఫ్లోర్ వైపు తెరిచి ఉంచాలి.

సెన్సర్ డక్టు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో ఉండాలని అందరూ పట్టుబడతారు. రీసెట్ సరిగ్గా పనిచేస్తే ఆ స్థానానికి అంత ప్రాముఖ్యం ఉండదు, ఎందుకంటే అసలు ఎంత ప్రెజర్ కావాలో బాక్సులే చెబుతాయి. కాబట్టి సెన్సర్ ఫ్యాన్‌కు కాస్త దగ్గరగా ఉందని డక్టు కోసుకోవాల్సిన పని లేదు. మోచేయి వంపు పక్కన, గాలి సుడి తిరిగే చోట ఉంటే మాత్రం జరపండి.

3. డ్యాంపర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడండి

ఈ మెట్టు దాటేసినవాళ్లే ఎక్కువ. రీసెట్ ఫెయిలయ్యేది కూడా ఎక్కువగా ఇక్కడే.

బీఎంఎస్ నుంచి ప్రతి బాక్సునూ ఒకసారి పూర్తిగా తెరవండి, ఒకసారి పూర్తిగా మూయండి. తెరిచినప్పుడు గాలి బాగా పెరగాలి, మూసినప్పుడు దాదాపు సున్నాకు రావాలి. ఏ బాక్సులో గాలి కదలకపోతే దాని పేరు రాసుకుని నిచ్చెన వేసుకోండి.

గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసులో నేను రీసెట్ పెట్టిన మొదటి వారం సెట్‌పాయింట్ పొద్దున నుంచి సాయంత్రం దాకా పై అంచున అతుక్కునే ఉంది. లాగ్ చూస్తే మూలనున్న మీటింగ్ రూమ్ బాక్సు ఒక్కటే అస్తమానం గాలి అడుగుతోంది. స్క్రీన్ మీద దాని డ్యాంపర్ 100 శాతం తెరిచి ఉంది, గాలి మాత్రం కావలసినదానిలో మూడో వంతు కూడా లేదు. సీలింగ్ టైల్ తీసి టార్చ్ వేశాను. డ్యాంపర్ షాఫ్ట్ కొస మీద ఒక గీత ఉంటుంది, లోపల రేకు ఎటు తిరిగి ఉందో అది చెబుతుంది. ఆ గీత డక్టుకు అడ్డంగా ఉంది, అంటే రేకు దాదాపు మూసే ఉంది. కంట్రోలర్‌కు ఓపెన్ సిగ్నల్ ఇప్పించాను. మోటార్ తిరిగింది, షాఫ్ట్ మాత్రం కదల్లేదు. క్లాంప్ నట్టు వదులైపోయింది. రేకు తెరిచి నట్టు బిగించాను, పది నిమిషాల పని. మర్నాడు మధ్యాహ్నానికి సెట్‌పాయింట్ 140 పాస్కల్ దగ్గర నడుస్తోంది.

ఇలాంటిదే ఇంకొకటి: బాక్సుకు వచ్చే ఫ్లెక్సిబుల్ డక్టు కేబుల్ ట్రే కింద నలిగిపోయి ఉండటం. ప్రెజర్ ఎంత పెంచినా అక్కడికి గాలి పోదు.

4. గరిష్ఠ సెట్‌పాయింట్ ఎంతో కొలిచి పట్టుకోండి

375 పాస్కల్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చాలాచోట్ల జవాబు ఉండదు. అది 1.5 అంగుళాల నీటి మట్టం. గుండ్రంగా ఉందని పెట్టేస్తారు, అంతే.

కొలిచే పద్ధతి ఇది. ఆఫీసు ఖాళీగా ఉన్న సమయంలో చివరి బాక్సులను గరిష్ఠ గాలికి పెట్టండి. బాక్సులన్నిటి గరిష్ఠ గాలి కలిపితే ఫ్యాన్ సామర్థ్యం దాటుతుంది కాబట్టి, ఫ్యాన్‌కు దగ్గరగా ఉన్న కొన్నిటిని కనిష్ఠానికి తగ్గించి మొత్తం 20,000 సీఎఫ్ఎం దగ్గర ఉంచండి. ఇప్పుడు సెట్‌పాయింట్‌ను 25 పాస్కల్ చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగండి. ఏదో ఒక బాక్సు డ్యాంపర్ పూర్తిగా తెరుచుకుని, దాని డిజైన్ గాలి అంచు మీద అందుతున్న చోట ఆగండి. మన ఉదాహరణలో అది 300 పాస్కల్ అనుకుందాం. అదే మీ గరిష్ఠం.

ఇక్కడే ఒక చిన్న లాభం ఉంది. రీసెట్ ఏమీ పెట్టకుండా 375ను 300కు దించినా, 60 శాతం గాలి దగ్గర మొత్తం ప్రెజర్ 600 నుంచి 525కు వస్తుంది, ఎనిమిదో వంతు తగ్గినట్టే. ప్రోగ్రామ్ మార్చే అనుమతి రావడానికి నెలలు పట్టేటట్టుంటే ఈ పని ఇవాళే చేసేయండి.

5. వీఎఫ్‌డీ కనిష్ఠ వేగం, ఫ్యాన్ లూప్ సరిచేయండి

చాలా వీఎఫ్‌డీల్లో కనిష్ఠ వేగం 30 హెర్ట్జ్ దగ్గర కట్టేసి ఉంటుంది. మన ఏహెచ్‌యూ రీసెట్‌తో 60 శాతం గాలికి దిగేటప్పటికే ఫ్యాన్ దాదాపు 30 హెర్ట్జ్‌కు వస్తుంది. ఇంకా దిగనివ్వకపోతే ఉదయం, సాయంత్రం వచ్చే పొదుపంతా పోతుంది. ఫ్యాన్ లోడ్‌లో వేగం తగ్గితే టార్క్ కూడా బాగా తగ్గుతుంది కాబట్టి మోటార్ వేడెక్కే భయం తక్కువ. 15 హెర్ట్జ్ దాకా దించి, అక్కడ ఒక గంట నడిపి మోటార్ బాడీ వేడి, బెల్టు జారుడు, వింత చప్పుళ్లు చూడండి. ఏదో ఒక వేగం దగ్గర వణుకు వస్తే ఆ రెండు మూడు హెర్ట్జ్‌లను మాత్రం దాటవేసేలా డ్రైవ్‌లోనే సెట్ చేసుకోవచ్చు.

తర్వాత ప్రెజర్ లూప్. సెట్‌పాయింట్‌ను చేత్తో 50 పాస్కల్ మార్చి చూడండి. నిమిషం, నిమిషంన్నరలో అసలు ప్రెజర్ అక్కడికి చేరి నిలబడాలి. పైకీ కిందికీ ఊగుతుంటే ముందు దాన్ని ట్యూన్ చేయండి. ఊగే లూప్ మీద రీసెట్ పెడితే ఫ్యాన్, డ్యాంపర్లు ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఏది తప్పో కనుక్కోవడానికి మీకు రోజులు పడుతుంది.

హెచ్చరిక: డక్టు హై ప్రెజర్ సేఫ్టీ స్విచ్‌ను ఈ పనిలో ఎక్కడా బైపాస్ చేయకండి. దాన్ని రీసెట్‌తో కలపాల్సిన అవసరం కూడా లేదు.

6. రీసెట్ లాజిక్ రాయండి

నేను వాడేది ట్రిమ్ అండ్ రెస్పాండ్ పద్ధతి. 2018లో వచ్చిన యాష్రే గైడ్‌లైన్ 36లో దీన్ని వివరంగా ఇచ్చారు, కింద ఉన్న అంకెలు కూడా దాదాపు అందులోవే. ఆలోచన సులువు: ఎవరూ అడగకపోతే ప్రెజర్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవాలి, అడిగితే పెంచాలి.

ప్రతి బాక్సూ రిక్వెస్టులు పంపుతుంది:

- డ్యాంపర్ 95 శాతం దాటితే 1. అది 85 శాతం కిందికి వచ్చేదాకా ఆ రిక్వెస్టు ఉంటుంది.
- డ్యాంపర్ 95 దాటి ఉండి, గాలి కావలసినదానిలో 70 శాతం లోపు ఒక నిమిషం పాటు ఉంటే 2
- అదే 50 శాతం లోపు ఉంటే 3
- లేకపోతే 0

మొత్తం రిక్వెస్టులు `R` అనుకుంటే, ఏహెచ్‌యూ కంట్రోలర్‌లో ప్రతి 2 నిమిషాలకు ఇది నడవాలి:

```
SP = SP - 12
if R > 2:
    SP = SP + min(15*(R-2), 32)
SP = max(50, min(SP, 300))
```

అంకెలు పాస్కల్‌లో. రెండు రిక్వెస్టుల దాకా పట్టించుకోదు. మూడు వస్తే 12 తగ్గి 15 పెరుగుతుంది, అంటే 3 పాస్కల్ పైకి. ఆరు వస్తే 60 పెరగాలి, కానీ 32 దగ్గర ఆపుతాం కాబట్టి నికరంగా 20 పైకి. ఎవరూ అడగకపోతే 300 నుంచి 150కి దిగడానికి 25 నిమిషాలకు పైగా పడుతుంది. ఈ నెమ్మది కావాలనే పెట్టింది. తొందర పడి 12ను 40 చేయకండి, ఊగులాట మొదలవుతుంది.

కనిష్ఠాన్ని గైడ్‌లైన్ 25 అంటుంది, నేను 50 పెడతాను. ఇక్కడి సెన్సర్లు చాలావరకు 0–1250 పాస్కల్ రేంజివి. ఒక శాతం తేడా అన్నా 12 పాస్కల్. 25 దగ్గర ఆ రీడింగును నేను నమ్మను.

ఏహెచ్‌యూ స్టార్ట్ అయ్యేటప్పుడు 120 దగ్గర మొదలుపెట్టి, మొదటి 10 నిమిషాలు లాజిక్‌ను ఆపి ఉంచండి. లేకపోతే పొద్దున వేడెక్కి ఉన్న ఫ్లోర్‌లో అన్ని బాక్సులూ ఒకేసారి అడిగి సెట్‌పాయింట్‌ను పైకి తోసేస్తాయి.

డ్యాంపర్ స్థానం రాని బాక్సులైతే: మోటార్ ఎంతసేపు తిరిగిందో లెక్కేసి స్థానం ఊహించే కంట్రోలర్లు ఉంటాయి. ఆ లెక్క రోజులు గడిచేకొద్దీ తప్పుతుంది కాబట్టి, ప్రతి రాత్రి ఏహెచ్‌యూ ఆగాక బాక్సులను పూర్తిగా మూయించి సున్నాకు తెచ్చుకోండి. డ్యాంపర్ సమాచారం అసలే లేకపోతే గాలి కొరతను మాత్రమే చూసి రిక్వెస్టు పుట్టించండి: కావలసినదానిలో 90 శాతం లోపు 5 నిమిషాలు ఉంటే 1. గాలి కొలత కూడా లేని పాత బాక్సులైతే, ఫ్లోర్ మొత్తం గాలికి తగ్గట్టు 300 నుంచి 150 మధ్య సరళరేఖలో దించడం ఒక్కటే మార్గం. అందులో పొదుపు తక్కువ, ఏ మూలనైనా ఉక్క పోస్తే మనకు తెలియదు కూడా.

7. మొండి బాక్సులను వేరు చేయండి

ప్రతి బాక్సూ పనిగంటల్లో ఎంత శాతం సమయం రిక్వెస్టు పెట్టిందో లెక్క ఉంచండి. 70 శాతం దాటినది మొండి బాక్సు. దాన్ని రిక్వెస్టుల లెక్కలోంచి తీసేసే ముందు వెళ్లి చూడండి. థర్మోస్టాట్‌ను ఎవరైనా 18 డిగ్రీలకు పెట్టారా? దాని కింద ప్రింటరో కాఫీ మెషీనో ఉందా? గదిలో సీట్లు రెట్టింపయ్యాయా? గాలి కొలిచే ట్యూబులో దుమ్ము చేరిందా? సరిచేయగలిగినవి సరిచేయండి. బాక్సే చిన్నదైపోయిన గదికి, సర్వర్ రాక్ ఉన్న గదికి మాత్రం రిక్వెస్టును సున్నా చేసి, ఆ గదికి విడిగా చల్లదనం చూడండి. రెండు రిక్వెస్టులను పట్టించుకోని ఏర్పాటు ఉందని మూడు మొండి బాక్సులను వదిలేస్తే, రీసెట్ పెట్టనట్టే.

ఒకేసారి పది, పదిహేను బాక్సులు అడుగుతుంటే మాత్రం తప్పు బాక్సులది కాదు. సప్లై గాలి ఉష్ణోగ్రత చూడండి. 13 డిగ్రీలు రావాల్సిన చోట 17 వస్తుంటే, చిల్డ్ వాటర్ వాల్వు పూర్తిగా తెరిచినా చల్లబడకపోతుంటే, ప్రతి బాక్సూ ఎక్కువ గాలి కోసం తెరుచుకుంటుంది. ఫ్యాన్ ఎంత పెంచినా లాభం లేదు. కాయిల్, స్ట్రైనర్, చిల్లర్ సెట్‌పాయింట్ చూడాలి. ఇదే కారణంగా, చిల్లర్ పొదుపు కోసమని సప్లై గాలి ఉష్ణోగ్రతను పైకి జరిపే రీసెట్‌ను ఎండాకాలంలో దీనితో కలిపి పెట్టకండి. అక్కడ మిగిలింది ఇక్కడ ఫ్యాన్ తినేస్తుంది.

8. ఫ్రెష్ ఎయిర్ తగ్గలేదని నిర్ధారించుకోండి

ఫ్యాన్ నెమ్మదిస్తే ఏహెచ్‌యూ మిక్సింగ్ చాంబర్‌లో లాగుడు తగ్గుతుంది. ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ ఒకే స్థానంలో కట్టేసి ఉంటే బయటి గాలి కూడా తగ్గిపోతుంది. దీన్ని చూసుకోకుండా కరెంటు ఆదా అయిందని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు, ఆ ఫ్లోర్‌లో మనుషులు రోజంతా ఊపిరి పీల్చుకుంటున్నారు. ఫ్యాన్ అతి తక్కువ వేగంలో ఉన్నప్పుడు ఫ్రెష్ ఎయిర్ డక్టులో గాలి కొలవండి. తక్కువైతే ఫ్యాన్ వేగం తగ్గేకొద్దీ డ్యాంపర్ తెరుచుకునేలా చేయండి, లేదా కార్బన్ డయాక్సైడ్ సెన్సర్‌తో నడపండి. ఫ్రెష్ ఎయిర్‌కు విడిగా ఫ్యాన్ ఉన్న బిల్డింగుల్లో ఈ టెన్షన్ తక్కువ.

9. ఫలితం చూసే పద్ధతి

పోయిన నెల బిల్లుతో ఈ నెల బిల్లు పోల్చకండి. ఎండ, హాజరు, సెలవులు అన్నీ మారి ఉంటాయి. నాలుగు వారాల పాటు ఒక రోజు రీసెట్ ఆన్‌లో, మరుసటి రోజు పాత 375 మీద నడపండి. తర్వాత అడ్డగీత మీద మొత్తం గాలి, నిలువుగీత మీద కిలోవాట్లు పెట్టి రెండు రకాల రోజులనూ వేర్వేరు రంగు చుక్కలుగా గీయండి. ఒకే గాలి దగ్గర రెండు రంగుల మధ్య ఉన్న ఎత్తే మీ అసలు పొదుపు. పూర్తి గాలి దగ్గర చుక్కలు దగ్గరకొస్తాయి, గాలి తగ్గేకొద్దీ విడిపోతాయి. అలా విడిపోకపోతే ఎక్కడో తప్పుంది.

ఆ తప్పు ఎక్కడో సెట్‌పాయింట్ గీతే చెబుతుంది. రోజంతా 300 దగ్గర బల్లపరుపుగా ఉంటే మొండి బాక్సు, లేదా సప్లై గాలి వేడి. రోజంతా 50 దగ్గర ఉండి ఫ్లోర్ నుంచి ఉక్క ఫిర్యాదులు వస్తుంటే, బాక్సుల రిక్వెస్టులు ఏహెచ్‌యూ కంట్రోలర్‌కు చేరడం లేదు. ఒక బాక్సును చేత్తో గరిష్ఠ గాలికి పెట్టి, `R` కదులుతుందో లేదో చూడండి. సెట్‌పాయింట్ దిగుతున్నా కిలోవాట్లు దిగకపోతే ఐదో మెట్టుకు వెళ్లి వీఎఫ్‌డీ కనిష్ఠ హెర్ట్జ్ చూడండి. సెట్‌పాయింట్ రంపపు పళ్లలా పైకీ కిందికీ పోతుంటే 15ను 8కి, 32ను 20కి తగ్గించి రెండు రోజులు గమనించండి.

అన్నీ సరిగ్గా ఉన్న రోజున ఎక్కువ సమయం ఒకటో రెండో బాక్సులు 90 శాతం పైన తెరిచి ఉంటాయి, మిగతావి 60–80 మధ్య ఉంటాయి. పాత పద్ధతిలో అవన్నీ 30–40 దగ్గర బిగుసుకుని ఉండేవి. ఫ్లోర్ మీద నడిచి వింటే కూడా తెలుస్తుంది, సీలింగ్‌లోంచి వచ్చే ఆ బుస చప్పుడు తగ్గిపోతుంది.

ఆ తర్వాత మొండి బాక్సుల లెక్కను నెలకొకసారి తెరిచి చూడండి. సీటింగ్ మారిన ప్రతిసారీ కొత్తది ఒకటి పుడుతుంది.